జలుబుతో గొంతు బొంగురుపోతే: టీచర్లు, పాటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలైతే చాలు, మా స్వర చికిత్స గదికి టీచర్లు, సంగీతం పాడేవాళ్లు ఎక్కువగా వస్తారు. అందరూ చెప్పే మాట ఒకటే. జలుబు ఐదారు రోజుల్లో తగ్గింది, గొంతు మాత్రం తిరిగి రాలేదు అని. నేను చూసినంతలో గొంతుని ఎక్కువగా దెబ్బతీసేది జలుబు కాదు. వాచిన గొంతుతో ఆ నాలుగు రోజులు మనం బలవంతంగా నెట్టుకొచ్చిన తీరే దెబ్బతీస్తుంది. అందుకే ఈ జవాబుల్లో మందుల గురించి తక్కువగా, గొంతు వాడే తీరు గురించి ఎక్కువగా రాశాను.

జలుబు ముక్కుకి కదా వచ్చేది, గొంతు ఎందుకు పోతుంది?

మెడ ముందు భాగంలో చేతికి తగిలే కంఠమణి వెనకాల స్వరపేటిక ఉంటుంది. దాని లోపల రెండు స్వరతంత్రులు ఉంటాయి. ఆడవాళ్లలో వాటి పొడవు సుమారు ఒక సెంటీమీటరు, మగవాళ్లలో అంతకంటే కొంచెం ఎక్కువ. మాట్లాడేటప్పుడు ఈ రెండూ ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉంటాయి. మామూలు మాటలో ఆడవాళ్లకి సెకనుకి దాదాపు 200 సార్లు, మగవాళ్లకి 110 సార్ల వరకు తగులుతాయి.

జలుబు తెచ్చే వైరస్ ముక్కు దగ్గరే ఆగిపోదు. ముక్కులో ఉన్న తడిపొరే గొంతు మీదుగా స్వరపేటిక దాకా సాగి ఉంటుంది కాబట్టి అది కూడా ఎర్రబడి వాస్తుంది. తంబురాలో సన్నతీగ తీసి లావు తీగ వేస్తే శ్రుతి దిగిపోతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. వాచిన తంత్రి బరువెక్కి నెమ్మదిగా కదులుతుంది, గొంతు బొంగురుగా దిగుతుంది. వాపు వల్ల అంచులు సరిగ్గా కలవకపోతే మధ్యలోంచి గాలి జారి జీరగా వినిపిస్తుంది. అసలు కదలలేనంత వాస్తే నోరు తెరిచినా గాలే వస్తుంది తప్ప మాట రాదు. దీన్నే డాక్టర్లు లారింజైటిస్ అంటారు.

గొంతునొప్పి, గొంతు పోవడం రెండూ ఒకటేనా?

కాదు. మింగేటప్పుడు నొప్పి పుట్టేది నోటి వెనక, టాన్సిల్స్ ఉన్న చోట. గొంతు పోయేది అంతకంటే కింద, స్వరపేటికలో. రెండూ కలిసి రావచ్చు, విడివిడిగానూ రావచ్చు. ఏమాత్రం నొప్పి లేకుండా గొంతు పూర్తిగా పోయినవాళ్లు చాలామంది ఉంటారు. నొప్పి లేదు కదా అని పాఠం చెప్పేస్తారు, పాడేస్తారు. తంత్రులు వాచినా పెద్దగా నొప్పి చెయ్యవని గుర్తుంచుకోవాలి.

ఎన్ని రోజుల్లో మళ్లీ మామూలవుతుంది?

మొదటి మూడు నాలుగు రోజులు బాగా దిగిపోయి, తర్వాత మెల్లగా కోలుకుంటుంది. చాలామందికి వారం పది రోజుల్లో, కొందరికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. మామూలు మాట ముందు వస్తుంది, తారస్థాయి చివరన వస్తుంది. అందుకే టీచర్ తనకి తగ్గిపోయిందనుకునే రోజుకి, అదే జలుబు పట్టిన గాయనికి ఇంకా తగ్గి ఉండదు.

యాంటీబయాటిక్ వేసుకుంటే త్వరగా తగ్గుతుందా?

తగ్గదు. ఇది దాదాపు ఎప్పుడూ వైరస్ వల్లే వస్తుంది, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఊరి మందుల షాపులో అడిగి మూడు రోజుల కోర్సు తెచ్చుకోవడం మానేయండి. డాక్టరు పరీక్ష చేసి వేరే కారణం కనిపించి రాస్తే అది వేరే సంగతి.

గొంతుకి రెస్ట్ అంటే పూర్తిగా మౌనం ఉండాలా?

మామూలు జలుబు గొంతుకి అక్కర్లేదు. పూర్తి మౌనం అవసరమయ్యేది తంత్రిలో రక్తం చిమ్మినప్పుడు, తంత్రి పొర చిరిగినప్పుడు, లేదా గొంతు ఆపరేషన్ అయిన తర్వాత. అదైనా డాక్టరు చెప్పిన రోజుల వరకే.

జలుబుకి కావలసింది వాడకం తగ్గించడం. నేను చెప్పే లెక్క సులువైనది. గొంతు బాగా దిగిపోయిన మొదటి రెండు మూడు రోజులు గంటకి ఐదు నిమిషాలకి మించి మాట్లాడకండి. ఆ ఐదు నిమిషాలు కూడా పక్కన కూర్చున్నవాళ్లకి మాత్రమే వినపడేంత మెత్తగా, గాలి కలిసిన గొంతుతో మాట్లాడండి. పక్క గదిలోకి కేక వెయ్యడం, ఫోన్లో మాట్లాడటం, బస్సులో, పెళ్లి హాల్లో కబుర్లు, ఇవన్నీ పక్కన పెట్టాలి. ఫోన్ గురించి మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. అవతలి మనిషి కనిపించరు, చుట్టూ చప్పుడు ఉంటుంది, మనకి తెలియకుండానే గొంతు పెంచేస్తాం. ఆ రెండు రోజులు వాట్సాప్‌లో టైపు చేసుకోండి.

గొంతు కొంచెం తేరుకున్నాక గంటకి పది నిమిషాలు, తర్వాత పదిహేను, అలా పెంచుకుంటూ పోవచ్చు. సాయంత్రానికి గొంతు ఉదయం కన్నా అధ్వానంగా ఉందంటే ఆ రోజు ఎక్కువ వాడారన్నమాట. మరుసటి రోజు తగ్గించండి.

గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతే కదా?

అందరూ అనుకునేది ఇదే. ఒక లెక్కల టీచర్ నాతో, “గుసగుసగానే మాట్లాడానండి, అయినా ఎందుకు తగ్గలేదు?” అని దాదాపు ఏడుస్తూ అడిగారు. ఆమె సంగతి కింద వివరంగా రాస్తాను.

గుసగుసలో తంత్రులు మోగవన్నది నిజమే. కానీ నలుగురికి వినపడాలని గట్టిగా గుసగుసలాడినప్పుడు చాలామంది స్వరపేటికని మొత్తం బిగించేస్తారు. మెడ మీద వేళ్లు పెట్టుకుని చూడండి, కండరాలు గట్టిపడటం తెలుస్తుంది. ఈ బిగింపు అలవాటైపోతే వాపు తగ్గాక కూడా వదలదు. గుసగుస కన్నా మెత్తటి మామూలు గొంతే మంచిది. అది కూడా రాకపోతే రాసి చూపించండి.

మాటిమాటికీ గొంతు సవరించుకోవాలనిపిస్తోంది. ఏం చెయ్యాలి?

“ఖం” అని సవరించుకున్నప్పుడల్లా వాచిన తంత్రులు రెండూ బలంగా కొట్టుకుంటాయి. దానికి ఇంకాస్త కఫం ఊరుతుంది, మళ్లీ సవరించుకోవాలనిపిస్తుంది. ఈ చక్రం ఆగదు. అనిపించిన ప్రతిసారీ ఒక గుక్క నీళ్లు తాగండి. నీళ్లు దగ్గర లేకపోతే ఉమ్మి గట్టిగా మింగండి. అప్పటికీ పోకపోతే నోరు మూసుకుని మెత్తగా “మ్” అనండి. రెండు రోజులు పట్టుదలగా చేస్తే అలవాటు తగ్గుతుంది. దగ్గు బాగా ఉంటే దాని సంగతి డాక్టరుకి చెప్పండి, రాత్రంతా దగ్గితే పగటి విశ్రాంతి వృథా అవుతుంది.

ఉప్పునీళ్లు, ఆవిరి, మిరియాల పాలు, కరక్కాయ... వీటిలో ఏది పనిచేస్తుంది?

ముందుగా ఒక్క విషయం. మనం తాగేది, చప్పరించేది, పుక్కిలించేది ఏదీ స్వరతంత్రుల్ని తాకదు. మింగేటప్పుడు స్వరపేటిక మూత పడిపోతుంది, అన్నవాహిక దారి వేరు. ఒక చుక్క పొరపాటున తంత్రుల మీద పడితే పొలమారుతుంది.

అలాగని ఇవన్నీ పనికిరానివి కావు. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే నోటి వెనక నొప్పి, జిగట తగ్గుతాయి. మిరియాల పాలు, తేనె, శొంఠి కషాయం గొంతుకి హాయినిస్తాయి, దగ్గు కొంచెం తగ్గిస్తాయి. ఏడాది నిండని పిల్లలకి మాత్రం తేనె పెట్టకూడదు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే ఉమ్మి ఊరుతుంది, ఉమ్మి మింగుతూ ఉంటే సవరించుకోవాలనే కోరిక తగ్గుతుంది. పాటగాళ్ల ఇళ్లలో ఆ అలవాటు నిలబడటానికి అదొక కారణమని నా అభిప్రాయం. అతిమధురం చప్పరించేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. రోజూ ఎక్కువగా తింటే రక్తపోటు పెరుగుతుంది, శరీరంలో పొటాషియం తగ్గుతుంది. బీపీ మాత్రలు వాడేవాళ్లు దాన్ని మానేయడమే మంచిది.

తంత్రుల్ని నేరుగా తాకేది గాలి ఒక్కటే, కాబట్టి ఆవిరి వాటి దాకా వెళ్తుంది. పొడిబారిన పొరకి కాసేపు తడి ఇస్తుంది. పొయ్యి మీంచి దించిన గిన్నె మీద దుప్పటి కప్పుకుని పట్టకండి. గిన్నె ఒలికి తొడలు కాలిన పిల్లలు ప్రతి చలికాలం ఆసుపత్రులకి వస్తారు. గిన్నెని బల్ల మీద పెట్టి, కాస్త చల్లారనిచ్చి, ఐదు నిమిషాలు పడితే చాలు. అందులో బామ్, కర్పూరం వెయ్యొద్దు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది కానీ ఆ ఘాటుకి కొందరికి గొంతు మండి దగ్గు ఎక్కువవుతుంది.

అన్నిటికన్నా ఉపయోగం మామూలు నీళ్లు. మూత్రం లేత రంగులో ఉందంటే సరిపడా తాగుతున్నట్టే. గుండె, కిడ్నీ జబ్బులకి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఆ కొలతే పాటించాలి.

జలుబు మాత్రలు గొంతుకి మంచివేనా?

ముక్కు కారడం ఆపే సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి గొంతుని కూడా ఎండబెట్టేస్తాయి. తప్పనిసరైతే రాత్రి పడుకునే ముందు వేసుకుని, నీళ్లు ఎక్కువ తాగండి. జ్వరం, ఒళ్లునొప్పులకి పాటగాళ్లు పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవడం మేలు. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ లాంటివి రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. వాచిన తంత్రిలో ఉబ్బి ఉన్న సన్నటి రక్తనాళం చిట్లితే రక్తం ఎక్కువ చిమ్ముతుంది. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ని మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

సెలవు దొరకదు. ఈ గొంతుతో ఆరు పీరియడ్లు ఎలా చెప్పాలి?

ఒక చిన్న లెక్క వేద్దాం. నలభై నిమిషాల పీరియడ్‌లో టీచర్ గొంతు నికరంగా మోగేది పదిహేను నిమిషాలనుకోండి, అంటే 900 సెకన్లు. సెకనుకి 200 చొప్పున తంత్రులు 1,80,000 సార్లు తగులుతాయి. ఆరు పీరియడ్లకి పది లక్షలు దాటుతుంది. గొంతు పెంచితే ఆ సంఖ్యా పెరుగుతుంది, ప్రతి తాకిడి బలమూ పెరుగుతుంది. వాచిన తంత్రులతో ఈ పని చెయ్యమంటున్నాం.

ఇప్పుడు ఆ లెక్కల టీచర్ సంగతి. హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులు చెబుతారు. సోమవారం జలుబు మొదలైంది, బుధవారానికి గొంతు బొంగురుపోయింది. సిలబస్ వెనకబడిందని సెలవు పెట్టలేదు. క్లాసులో గట్టిగా గుసగుస, పిల్లలు అల్లరి చేస్తే ఒక కేక. జలుబు ఆ వారాంతానికి తగ్గింది. మూడో వారంలో నా దగ్గరికి వచ్చేసరికి ఉదయం ఒక మాదిరిగా ఉన్న గొంతు మధ్యాహ్నానికి పూర్తిగా పోతోంది, మెడ పట్టేసినట్టు ఉంటోంది. ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో చూస్తే తంత్రుల వాపు దాదాపు తగ్గిపోయింది. కానీ ఆమె మాట్లాడబోయినప్పుడల్లా తంత్రుల పైన ఉండే మడతలు బిగుసుకుని దగ్గరికి వచ్చేస్తున్నాయి. రోగం పోయింది, రోగంతో నెట్టుకొచ్చిన అలవాటు మిగిలింది.

మేం ఆ బిగింపు వదిలించే అభ్యాసాలు నేర్పించాం, అవి కింద రాశాను. క్లాసు నడిపే తీరు ఆమే మార్చుకున్నారు. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, తలకి తగిలించుకునే మైకు ఆన్‌లైన్‌లో కొన్నారు. దానితో కూడా మామూలు గొంతుతోనే మాట్లాడాలని, మైకు ఉంది కదా అని అరవకూడదని రెండు రోజులు సాధన చేశారు. లెక్కని బోర్డు మీద మాట్లాడకుండా వేసి, తర్వాత పిల్లల వైపు తిరిగి వివరించడం మొదలుపెట్టారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే గొంతు మరింత పెంచాల్సి వస్తుంది, సుద్దపొడి కూడా నేరుగా మొహం మీద పడుతుంది. బోర్డు తుడవడానికి తడిగుడ్డ పెట్టారు. ఎక్కాలు అడగడం ఒక పిల్లకి, జవాబులు చదవడం ఇంకొకరికి అప్పజెప్పారు. అల్లరి ఆపడానికి కేక బదులు మూడుసార్లు చప్పట్లు. పిల్లలు తిరిగి రెండు చప్పట్లు కొట్టి నిశ్శబ్దం అవ్వాలి. మొదటి రోజు పది నిమిషాలు పట్టింది, మూడో రోజు నుంచి అలవాటైపోయింది. నాలుగో వారం చివరికి సాయంత్రం దాకా గొంతు నిలబడింది.

మొదటి వారంలోనే రెండు రోజులు సెలవు పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. గొంతు పూర్తిగా పోయిన రోజు టీచరుకి అది సిక్ లీవే. కాలు బెణికినవాళ్లని పరిగెత్తమని ఎవరూ అనరు. హెడ్‌మాస్టర్లు ఈ పేజీ చదువుతుంటే, అలాంటి టీచరుకి ఆ రెండు రోజులు పరీక్ష పేపర్లు దిద్దే పని, ఇన్విజిలేషన్ లాంటివి ఇమ్మని అడుగుతున్నాను.

నాలుగు రోజుల్లో కచేరీ ఉంది. పాడొచ్చా?

పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధన ముందు ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. అదే జలుబుల కాలం, అదే ధనుర్మాసపు తెల్లవారుజాము పాటల కాలం. జవాబు మీ గొంతునే అడగాలి.

ఉదయం లేచిన గంట తర్వాత, మీ మామూలు శ్రుతి పెట్టుకుని, తారషడ్జం దగ్గర నుంచి “స ని ద ప” అని చాలా సన్నగా, పక్కన నిద్రపోతున్న పసిబిడ్డ లేవనంత మెత్తగా పాడి చూడండి. గట్టిగా పాడితే వాపు దాక్కుంటుంది, మెత్తగా పాడితేనే బయటపడుతుంది. స్వరం వెంటనే పలకకుండా ముందు గాలి వచ్చి ఆ తర్వాత పలికినా, మధ్యలో తెగిపోయినా, గట్టిగా తోస్తే తప్ప రాకపోయినా తంత్రులు ఇంకా వాచి ఉన్నట్టే. రోజూ అదే సమయానికి ఇదొక్కటే చూసుకోండి. మిగతా రోజంతా పరీక్షించుకుంటూ ఉండకండి.

మూడో రోజుకి అది శుభ్రంగా పలుకుతుంటే పాడొచ్చు. అయినా శ్రుతి అర కట్ట తగ్గించుకోండి, తారస్థాయిలో ఎక్కువసేపు నిలవాల్సిన కీర్తనలు తీసేయండి, మనోధర్మం తగ్గించి వయొలిన్‌కి ఎక్కువ చోటివ్వండి. పక్కవాద్యాలవాళ్లకి ముందే చెప్తే వాళ్లు సర్దుకుంటారు. బృందగానమైతే పెదవులు కదిపి కూర్చోవడంలో తప్పు లేదు. కచేరీ రోజు కూడా మెత్తటి తారషడ్జం పలకకపోతే వాయిదా వెయ్యండి.

ఈ మధ్యలో సాధన మానాలని లేదు. గొంతు లేని సాధన చాలా ఉంది. తాళం వేస్తూ సాహిత్యం మనసులో అనుకోవడం, కల్పనస్వరాలు రాసుకోవడం, తంబురా పెట్టుకుని గురువుగారి రికార్డింగు వినడం. వింటూ లోలోపల కూనిరాగం తియ్యకుండా చూసుకోండి, అదీ గొంతు వాడినట్టే.

ఒక్క ఇంజెక్షన్‌తో కచేరీకి గొంతు వస్తుందట కదా?

స్టెరాయిడ్ గురించే ఈ మాట. అది వాపు తగ్గించగలదు. నష్టం ఏమిటంటే, గొంతు బాగైందన్న భ్రమ కలుగుతుంది, రోగం మాత్రం లోపల ఉంటుంది, ఆ భ్రమలో రెండు గంటలు పాడేస్తాం. కెమెరాతో తంత్రులు చూసి, రక్తనాళాలు ఉబ్బి లేవని నిర్ధారించుకున్న ఈఎన్‌టీ డాక్టరు, తప్పనిసరి సందర్భంలో ఇస్తే సరే. చూడకుండా ఎవరిచ్చినా వద్దనండి. షుగరు ఉన్నవాళ్లకి చక్కెర కూడా పెరుగుతుంది.

మళ్లీ పాడటం ఎలా మొదలుపెట్టాలి?

గ్లాసులో సగం నీళ్లు పోసి, జ్యూస్ స్ట్రా ఒకటి రెండు వేళ్ల లోతు ముంచండి. స్ట్రా చుట్టూ పెదవులు మూసి “ఊ” అంటూ బుడగలు తెప్పించండి. గొంతులో ఏ బరువూ ఉండకూడదు, బుగ్గలూ పెదవులూ మాత్రం అదరాలి. మూడు నిమిషాలు చాలు, రోజుకి నాలుగైదు సార్లు. నీటి ఒత్తిడి వెనక్కి తగిలి తంత్రులు సున్నితంగా కలిసేలా చేస్తుంది, బిగింపు వదులుతుంది. ఆ లెక్కల టీచరుకి నేర్పిందీ ఇదే.

ఇది సులువుగా వస్తుంటే మధ్యస్థాయిలో నోరు మూసి “మ్” అంటూ సరళీస్వరాలు పది నిమిషాలు. మరుసటి రోజు అకారంతో పదిహేను నిమిషాలు. తర్వాత రోజుకి పది నిమిషాల చొప్పున పెంచండి. తారస్థాయి, వేగమైన గమకాలు, బిర్కాలు చివరికి ఉంచండి. ఎక్కడ గొంతు తడబడితే అక్కడ ఆగి, మరుసటి రోజు మళ్లీ చూడండి.

పాడుతుండగానో, గట్టిగా దగ్గినప్పుడో గొంతు హఠాత్తుగా పోయింది. ఇదీ జలుబేనా?

ఇది వేరు. మెల్లగా కాకుండా ఒక్క క్షణంలో గొంతు మారిపోతే తంత్రిలో రక్తనాళం చిట్లి ఉండొచ్చు. నొప్పి ఉండకపోవచ్చు. ఆ క్షణమే ఆపేయండి, గుసగుస కూడా వద్దు. ఒకటి రెండు రోజుల్లోపు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. పూర్తి మౌనం అవసరమయ్యేది ఇక్కడే. చాలాసార్లు వారం రోజుల మౌనంతో రక్తం ఇంకిపోతుంది. ఆపకుండా పాడితే మచ్చ పడుతుంది, ఆ మచ్చ పోదు.

ఎప్పుడు డాక్టరుకి చూపించాలి?

ఊపిరి తీసుకుంటుంటే కూత వినిపించినా, ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి కూడా మింగలేక కారిపోతున్నా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి. చిన్నపిల్లలకి కుక్క మొరిగినట్టు దగ్గు, గొంతు బొంగురు ఉంటే ఆ రాత్రే చూపించండి.

దగ్గులో రక్తం పడినా, మెడలో గడ్డ తగిలినా, మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా రోజులు లెక్కపెట్టకుండా వెళ్లండి. బీడీ, చుట్ట, సిగరెట్, గుట్కా అలవాటున్నవాళ్లకి గొంతు మూడు వారాలకీ మారకపోతే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. అలవాట్లేవీ లేనివాళ్లు కూడా నాలుగు వారాలు దాటనివ్వొద్దు. పాడటమే జీవనాధారమైనవాళ్లు అంతవరకు ఆగక్కర్లేదు, పది రోజులకి మెరుగు కనిపించకపోతే చూపించుకోవచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ కోసం కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు. స్వరపేటికకి కూడా టీబీ వస్తుంది. ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లకి దానివల్ల కూడా గొంతు బొంగురుపోవచ్చు. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మెయ్యండి.

గొంతులోకి కెమెరా పెడతారంటే భయంగా ఉంది.

ముక్కులో మత్తు స్ప్రే కొట్టి, సన్నటి మెత్తటి గొట్టం ముక్కులోంచి పంపుతారు. మెలకువగానే కుర్చీలో కూర్చుని ఉంటారు, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ముక్కు చెమర్చినట్టు, కళ్లలో నీళ్లు వచ్చినట్టు ఉంటుంది. “ఈ” అనమంటారు, కొందరు చిన్న స్వరం పాడమంటారు. మీ తంత్రులు తెర మీద కనిపిస్తాయి, మీరూ చూడమని అడగండి. మత్తు దిగే దాకా, దాదాపు గంటసేపు, ఏమీ తినకండి, తాగకండి. పాటగాళ్లయితే వీడియో ఫోన్లోకి తీసుకుని దాచుకోండి. వచ్చే చలికాలం గొంతు పోయినప్పుడు పోల్చి చూడటానికి డాక్టరుకి అది పనికొస్తుంది.